ఎనభై డిగ్రీల గీత పక్కన మన అడ్రస్: ప్లస్ కోడ్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దారి తప్పుతుంది

నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల చెరువుకు అడ్రస్ చెప్పడం ఎంత కష్టమో మేత బండి డ్రైవర్‌ను అడిగితే తెలుస్తుంది. "అన్నా, కల్వర్టు దాటానన్నా, ఇప్పుడు ఎడమకా కుడికా?" అంటాడు. "నేరుగా రా తమ్ముడూ, ట్రాన్స్‌ఫార్మర్ కనపడతది, దాని పక్క గట్టు మీదికి ఎక్కు" అంటాడు చెరువు యజమాని. ఆ గట్టు మీద నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. అన్ని చెరువులూ ఒకేలా ఉంటాయి, అన్నిట్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. చీకటి పడితే ఇక చెప్పక్కర్లేదు.

ఊళ్లో ఇళ్లకైతే డోర్ నంబర్లున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, కానీ పల్లెల్లో అవి పంచాయతీ ఇంటి పన్ను రికార్డు కోసం వేసినవి. వీధికి పేరుండదు. ఇంటి నంబర్ చూసి పక్కింటి నంబర్ ఊహించలేం. ఒక పాత ఇంటి స్థలాన్ని ముగ్గురు అన్నదమ్ములు పంచుకుని కడితే నంబర్ చివర ఏ, బీ, సీ చేరతాయి. కొత్తగా లేచిన కాలనీకి నంబర్లు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. పిన్ కోడ్ చూద్దామంటే అది 1972 ఆగస్టు 15న వచ్చింది ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసుకు చేర్చడానికి, ఇంటికి చేర్చడానికి కాదు. నెల్లూరు వైపు 524తో, ప్రకాశం వైపు 523తో మొదలయ్యే ఆరంకెలు పోస్టాఫీసు వరకు తీసుకెళ్తాయి. అక్కడి నుంచి ఊరూ పేరూ తెలిసిన పోస్ట్‌మ్యానే దిక్కు.

ఈ ఖాళీని పూడ్చడానికి పుట్టినవే గడుల కోడ్‌లు. భూమినంతా గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక చిన్న కోడ్ ఇస్తారు. ఆ గడిలో ఇల్లున్నా, చెరువున్నా, బీడున్నా కోడ్ మాత్రం ఉంటుంది. వీటిలో మన ఫోన్లలో ఇప్పటికే ఉన్నది ప్లస్ కోడ్. గూగుల్ మ్యాప్స్‌లో ఏదైనా చోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే కింద వచ్చే వివరాల్లో `G548+RC` లాంటిది కనపడుతుంది. అదే. చాలామంది దాన్ని చూసి ఏదో కంప్యూటర్ నంబర్ అనుకుని వదిలేస్తారు. కొందరు దాన్నే అడ్రస్‌గా పంపుతున్నారు, అది మంచిదే. కానీ ఆ కోడ్‌లో సగం దాగి ఉందనీ, ఆ దాగిన సగం మన ప్రాంతంలో ఒక విచిత్రమైన చోట విరుగుతుందనీ తెలియకపోతే బండి కడప జిల్లాకు పోతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ విషయం గురించే.

ముందు కోడ్ ఎలా తయారవుతుందో ఒకసారి చేత్తో లెక్క కట్టి చూద్దాం. కూడికలూ భాగహారాలూ వస్తే చాలు. అసలు ఇందులో రహస్యం లేకపోవడమే దీని బలం. దీన్ని గూగుల్ వాళ్ల జ్యూరిక్ ఆఫీసు ఇంజినీర్లు తయారు చేసి 2014లో బయటపెట్టారు. దాని అసలు పేరు ఓపెన్ లొకేషన్ కోడ్. లెక్క మొత్తం బహిరంగం, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గూగుల్ రేపు మ్యాప్స్ మూసేసినా కోడ్ చెల్లుతుంది.

మైపాడు తీరానికి కాస్త ఇవతల ఒక చోటును తీసుకుందాం. ఉదాహరణ కోసం ఎంచుకున్న చోటే, ఎవరి ఇల్లూ కాదు. దాని అక్షాంశం 14.50706, రేఖాంశం 80.16606. మైనస్ అంకెలు రాకుండా అక్షాంశానికి 90, రేఖాంశానికి 180 కలుపుతారు. అప్పుడు 104.50706, 260.16606 వస్తాయి. ఇక కోడ్‌లో వాడే 20 గుర్తులు ఇవి:

```
2 3 4 5 6 7 8 9 C F G H J M P Q R V W X
```

వీటిని సున్నా నుంచి లెక్కపెట్టాలి. 2 అంటే సున్నా, 3 అంటే ఒకటి, అలా X అంటే పందొమ్మిది. ఇంగ్లిష్ అచ్చులు ఒక్కటీ లేవు, ఎందుకంటే అచ్చులుంటే పొరపాటున ఏవో మాటలు పుడతాయి. సున్నా, ఒకటి అంకెలు కూడా లేవు, అవి O, I, L అక్షరాల్లా కనపడతాయి కాబట్టి. మీకు ఎవరైనా పంపిన కోడ్‌లో A గానీ, O గానీ, 1 గానీ ఉంటే రాసినవాళ్లు తప్పు రాశారని అక్కడికక్కడే చెప్పొచ్చు.

మొదటి మెట్టులో భూమిని 20 డిగ్రీల గడులుగా కోస్తారు. 104.5ను 20తో భాగిస్తే 5 వస్తుంది, 260.1ను భాగిస్తే 13 వస్తుంది. పట్టికలో ఐదోది 7, పదమూడోది M. కోడ్ మొదటి జంట 7M అయింది. మిగిలింది 4.50706, 0.16606. రెండో మెట్టులో గడి ఒక డిగ్రీ. నాలుగు డిగ్రీలున్నాయి, అది 6. రేఖాంశంలో పూర్తి డిగ్రీ ఒక్కటీ లేదు, అది 2. కాబట్టి రెండో జంట 62. అక్కడి నుంచి ప్రతి మెట్టులోనూ గడిని నిలువునా ఇరవై, అడ్డంగా ఇరవై ముక్కలు చేస్తూ పోతారు. డిగ్రీలో ఇరవయ్యో వంతు అంటే 0.05 గడుల్లో చూస్తే 10, 3 వస్తాయి, అది G5. తర్వాత 0.0025 గడుల్లో 2, 6 వస్తాయి, అది 48. చివరిగా 0.000125 గడుల్లో 16, 8 వస్తాయి, అది RC. ఎనిమిదో గుర్తు తర్వాత ఒక ప్లస్ పెడతారు, ఇది ఫోన్ నంబరో పాస్‌వర్డో కాదు, చోటు కోడ్ అని గుర్తుపట్టడానికి.

```
7M 62 G5 48 + RC   →   7M62G548+RC
```

ప్రతి జంటలో మొదటి గుర్తు దక్షిణం నుంచి ఉత్తరానికి ఎంత పోవాలో చెబుతుంది, రెండోది పడమర నుంచి తూర్పుకు ఎంతో చెబుతుంది. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె అన్నట్టు కుడివైపు పోయేకొద్దీ గడి చిన్నదవుతుంది. 7M అనే పెద్ద గడి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. 7M62 మన దగ్గర సుమారు 110 కిలోమీటర్లు. G5 చేరాక ఐదున్నర కిలోమీటర్లు. 48 చేరాక 275 మీటర్ల చిల్లర. RC చేరేసరికి 14 మీటర్ల లోపు. ఒక పెద్ద ఇల్లూ దాని ముంగిలీ పట్టేంత చోటు.

ఇంతవరకు అర్థమైతే, తప్పు ఎక్కడ జరిగితే ఎంత దూరం పోతామో కూడా మీరే చెప్పగలరు. ఫోన్లో అక్షరాలు చెప్పేటప్పుడు సీ, జీ, పీ, వీ నాలుగూ ఒకేలా వినపడతాయి, గాలి హోరులో మరీనూ. ఈ నాలుగూ కోడ్‌లో వాడే అక్షరాలే. పై కోడ్ చివరి C ని అవతలి మనిషి P అని రాసుకున్నాడనుకోండి. C అంటే ఎనిమిది, P అంటే పద్నాలుగు. ఆరు గడుల తేడా, గడి ఒక్కటి పదమూడున్నర మీటర్లు, అంటే చోటు తూర్పుకు 80 మీటర్లు జరిగింది. బండి దిగి కేకేస్తే సరిపోతుంది. అదే మధ్యలో ఉన్న G ని C అని రాసుకుంటే? పదికి ఎనిమిది, రెండు గడుల తేడా, కానీ ఇక్కడ గడి ఐదున్నర కిలోమీటర్లు. చోటు 11 కిలోమీటర్లు దక్షిణానికి పోయింది. రెండు సందర్భాల్లోనూ తప్పు ఒక్క అక్షరమే, కోడ్ తప్పని ఫోన్ ఎక్కడా హెచ్చరించదు. బ్యాంకు కార్డు నంబర్లలో చివరి అంకె మిగతా అంకెలను తనిఖీ చేస్తుంది. ప్లస్ కోడ్‌లో అలాంటి తనిఖీ అంకె లేదు. తప్పు కోడ్ కూడా ఎక్కడో ఒక నిజమైన గడే. అందుకే దీన్ని నోటితో చెప్పడం కన్నా మెసేజ్‌లో పంపడం మేలు. నోటితోనే చెప్పాల్సి వస్తే G ఫర్ గూడూరు, C ఫర్ చెన్నై అని చెప్పాలి, మొదటి నాలుగైదు అక్షరాలు రెండుసార్లు చెప్పించుకోవాలి.

ఇక అసలు చిక్కుకొద్దాం. గూగుల్ మ్యాప్స్ మీకు `7M62G548+RC` అని పదీ చూపించదు. ముందున్న నాలుగు గుర్తులు తీసేసి `G548+RC` అని, పక్కన ఊరి పేరు పెట్టి చూపిస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి ఆరు గుర్తులే సులువు. కానీ `G548+RC` ఒక్కటే అడ్రస్ కాదు. భూమ్మీద ఒక డిగ్రీ గడి ప్రతిదానిలోనూ ఒక `G548+RC` ఉంటుంది. అంటే ఇక్కడి నుంచి ఎటు 110 కిలోమీటర్లు పోయినా ఇంకోటి తగులుతుంది. వీటిలో మనది ఏది అని తేల్చేది పక్కన రాసిన ఊరి పేరు. ఫోన్ ఆ ఊరి నడిబొడ్డు ఎక్కడుందో వెతికి, దానికి అన్నిటికన్నా దగ్గరున్న `G548+RC` ని ఎంచుకుంటుంది.

"నెల్లూరు అని రాస్తే నెల్లూరు గడి నాలుగు గుర్తులు ముందు పెట్టేస్తే పోలా" అని ఎవరికైనా అనిపిస్తుంది. దేశంలో చాలా చోట్ల అలా చేసినా చెల్లిపోతుంది. మన దగ్గర చెల్లదు. ఎందుకంటే 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మన జిల్లాల మీదుగా పోతుంది.

నెల్లూరు ఊరి నడిబొడ్డు రేఖాంశం 79.98 దగ్గర ఉంటుంది. దానికి తూర్పున రెండు కిలోమీటర్ల లోపే 80 వచ్చేస్తుంది. ఇదే లెక్క నెల్లూరుకు కట్టి చూడండి. 259.9865ను 20తో భాగిస్తే 12, అంటే J. మిగిలిన 19.98లో పూర్తి డిగ్రీలు 19, అంటే X. కాబట్టి నెల్లూరు గడి 7J6X. గీత దాటి తూర్పుకు అడుగేస్తే 7M62. నాలుగు గుర్తుల్లో తూర్పు పడమరలకు చెందిన రెండూ ఒక్కసారే మారిపోయాయి. మామూలుగా డిగ్రీ గీత దాటితే ఒక్క గుర్తు మారుతుంది, 7J6W పక్కన 7J6X లాగా. అవి పక్కపక్కనే ఉన్నాయని చూడగానే తెలుస్తుంది. కానీ 20తో భాగించబడే గీత దగ్గర పెద్ద గడే మారిపోతుంది. 60, 80, 100 డిగ్రీల రేఖాంశాలు అలాంటివి. వాటిలో 60, 100 మన దేశానికి బయట ఉన్నాయి. భారతదేశం మీదుగా పోయేది 80 ఒక్కటే, అది నెల్లూరు పక్కగా, కావలిని ఆనుకుని, ఒంగోలుకు ఐదారు కిలోమీటర్ల పడమరగా వెళ్తుంది. దానికి తోడు 15 డిగ్రీల అక్షాంశం కావలికి ఉత్తరాన పది కిలోమీటర్ల లోపే అడ్డంగా పోతుంది. కాబట్టి ఆ చుట్టుపక్కల నాలుగు రకాల ముందుకోడ్‌లున్నాయి. పడమర దక్షిణాన 7J6X, తూర్పు దక్షిణాన 7M62, పడమర ఉత్తరాన 7J7X, తూర్పు ఉత్తరాన 7M72. ఒంగోలు 7M72లో ఉంటుంది, కందుకూరు 7J7Xలో ఉంటుంది.

ఇప్పుడు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. ఒక మేత డీలరు తన ఖాతాదారుల చెరువుల కోడ్‌లన్నీ ఎక్సెల్ షీట్‌లో రాయించాడనుకుందాం. అందరూ పంపింది చిన్న కోడ్‌లే. వాటిని మ్యాప్ మీద వేయాలంటే పూర్తి కోడ్‌లు కావాలి. లెక్క రాసే కుర్రాడు నెల్లూరు ఆఫీసు పూర్తి కోడ్ చూసి, అది 7J6Xతో మొదలవుతోంది కాబట్టి అన్నిటి ముందూ 7J6X తగిలించాడు. నెల్లూరుకు పడమరగా, బుచ్చిరెడ్డిపాళెం వైపు ఉన్నవన్నీ సరిగ్గా పడ్డాయి. మైపాడు వైపు చెరువు `7J6XG548+RC` అయింది. దాన్ని వెనక్కి విప్పితే అక్షాంశం అదే 14.507, కానీ రేఖాంశం 79.166. సరిగ్గా ఒక డిగ్రీ పడమరకు జరిగింది. ఈ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 108 కిలోమీటర్లు. అంటే సముద్రం ఒడ్డు చెరువు వెలిగొండల అవతల కడప జిల్లా వైపు తేలింది.

ఈ రకం తప్పును పట్టుకోవడం తేలికే, ఏం చూడాలో తెలిస్తే. చుక్క సరిగ్గా పడమరకో తూర్పుకో, సుమారు 108 కిలోమీటర్లు జరిగి, ఉత్తర దక్షిణాల్లో ఏమాత్రం కదలకుండా ఉంటే అది ముందుకోడ్ తప్పు. నిలువునా 110 కిలోమీటర్లు జరిగితే 15 డిగ్రీల గీత దగ్గర తప్పు. ఇంకేదైనా దూరం జరిగితే అక్షరం తప్పు విన్నారని అర్థం. ఈ తేడా తెలియక చాలామంది "ఈ కోడ్‌లు పనిచేయవు" అని మొత్తానికే వదిలేస్తారు.

ఫోన్ ఈ తప్పు చేయదు, ఎందుకంటే అది ముందుకోడ్ తగిలించి ఊరుకోదు. తగిలించాక వచ్చిన చోటు నెల్లూరు నుంచి అర డిగ్రీ కన్నా దూరం ఉందా అని చూస్తుంది. 79.166 నెల్లూరుకు 0.82 డిగ్రీల దూరం. ఎక్కువైంది కాబట్టి ఒక డిగ్రీ తూర్పుకు జరిపి చూస్తుంది. 80.166 వస్తుంది, అది 0.18 డిగ్రీల దూరమే. అదే తీసుకుంటుంది. సొంతంగా షీట్లు తయారు చేసుకునేవాళ్లు చేత్తో అతికించకుండా ఓపెన్ లొకేషన్ కోడ్ ఉచిత ప్రోగ్రాముల్లో ఉన్న ఈ వెనక్కి పూరించే పనిని వాడుకోవాలి. అంతకన్నా మంచిది మొదట్లోనే పూర్తి కోడ్‌లు రాయించుకోవడం.

ఈ అర డిగ్రీ నియమంలోనే ఇంకో గుంట ఉంది. చిన్న కోడ్ పక్కన రాసే ఊరు చోటుకు దగ్గర్లో ఉండాలి, అందరికీ తెలిసిన పెద్ద ఊరు అయితే చాలదు. కనిగిరి రేఖాంశం 79.51 దగ్గర, ఒంగోలు 80.05 దగ్గర. తేడా అర డిగ్రీ దాటింది. కనిగిరి ఇంటి చిన్న కోడ్ పక్కన "కనిగిరి" అని ఉన్నది తీసేసి, బయటివాళ్లకు తెలుస్తుందని "ఒంగోలు" అని రాస్తే, నియమం ప్రకారం ఒంగోలుకు దగ్గరి గడి ఇప్పుడు 80.51 మీద ఉంటుంది. అది బంగాళాఖాతంలో ఉంటుంది. మన పద్ధతి ప్రకారం పెద్ద ఊరి పేరు చెబితే మర్యాదగా, స్పష్టంగా ఉంటుంది. ఇక్కడ మాత్రం దగ్గరి మండల కేంద్రమే సరైనది. కోడ్‌ను చిన్నది చేసే ప్రోగ్రాములు కూడా జాగ్రత్త కోసం అర డిగ్రీ వరకు పోకుండా 0.3 డిగ్రీలు, అంటే 30 కిలోమీటర్ల చిల్లర లోపలి ఊరినే ఒప్పుకుంటాయి. అదే కొలత మనమూ పెట్టుకోవచ్చు.

చిన్న కోడ్‌కు నెట్ కూడా కావాలి, ఊరి పేరు ఎక్కడుందో వెతకాలి కాబట్టి. పూర్తి కోడ్‌కు ఊరి పేరు అక్కర్లేదు. అది వట్టి లెక్క, సిగ్నల్ లేని చెరువు గట్టు మీద కూడా విప్పొచ్చు. అందుకే గేటు మీద గానీ, మోటారు షెడ్డు గోడ మీద గానీ రంగుతో రాయిస్తే పది గుర్తులూ రాయించండి. పూర్తి కోడ్ కావాలంటే బ్రౌజర్‌లో `plus.codes` తెరిచి చోటు ఎంచుకుంటే చాలు. రాయించే ముందు ఇంకో ఫోన్లో `plus.codes/7M62G548+RC` లాగా మీ కోడ్ కొట్టి, చుక్క మీ చోటు మీదే పడుతోందా అని చూడండి.

కోడ్ తీసుకునేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. గదిలో కూర్చుని నీలం చుక్క మీద నొక్కి తీసుకోకండి. ఆకాశం బాగా కనపడే చోట ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల అటూఇటూగా చూపిస్తుంది. కాంక్రీటు కప్పు కింద అది ఎంతైనా తప్పొచ్చు. నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉందంటే ఫోన్‌కే నమ్మకం లేదని అర్థం. బయటికొచ్చి ఆ వలయం చిన్నదయ్యేదాకా ఆగాలి. శాటిలైట్ బొమ్మ పెట్టుకుని, మన కప్పునో గేటునో గుర్తుపట్టి, దాని మీద వేలు నొక్కి పట్టుకోవడం అంతకన్నా నమ్మకం. 2022 జనవరి నుంచి మన దేశంలో గూగుల్ మ్యాప్స్ ఇంటి అడ్రస్ సేవ్ చేసేటప్పుడు అప్పుడున్న చోటును బట్టి ప్లస్ కోడ్ ఇచ్చే వీలు పెట్టింది. అది సులువే, కానీ మీరు అప్పుడు ఎక్కడ నిలబడ్డారన్నదే దానికి లెక్క.

ఇప్పుడు గడి సైజు గురించి. పద్నాలుగు మీటర్ల లోపు అంటే బాగానే ఉందనిపిస్తుంది. సెంట్లలోకి మార్చి చూస్తే సంగతి వేరు. నెల్లూరు అక్షాంశం దగ్గర ఆ గడి సుమారు 13.8 మీటర్లు నిలువు, 13.5 మీటర్లు అడ్డం. అంటే 187 చదరపు మీటర్లు, సుమారు నాలుగున్నర సెంట్లు. పల్లెల్లో ప్రభుత్వం సెంటున్నర చొప్పున ఇళ్ల స్థలాలు ఇచ్చిన కాలనీల్లో ఒక్క గడిలో మూడు ఇళ్లు పడతాయి. గడి గీతలు ప్లాటు గీతల మీద పడవు కాబట్టి, మీ ఇల్లు రెండు గడుల్లో ఉండొచ్చు, మీ కోడ్ పక్కింటివాళ్ల కోడ్ ఒకటే కావచ్చు. అంతా ఒకేలా కట్టిన ఇళ్లు, వీధులకు పేర్లు పెట్టని కాలనీ, అసలు ఈ కోడ్ బాగా అవసరమైన చోటే ఇది.

దీనికి పరిష్కారం పదకొండో గుర్తు. అక్కడ మాత్రం లెక్క కాస్త మారుతుంది. జంట కాకుండా ఒక్క గుర్తే వస్తుంది. గడిని నిలువునా ఐదు, అడ్డంగా నాలుగు, మొత్తం ఇరవై ముక్కలు చేసి, కింది ఎడమ మూల నుంచి వరుసగా ఆ ఇరవై గుర్తులే ఇస్తారు. మన ఉదాహరణలో చోటు కింది నుంచి మూడో వరుసలో, ఎడమ నుంచి రెండో ముక్కలో పడింది. కింది రెండు వరుసలకు 2 నుంచి 9 వరకు ఎనిమిది గుర్తులు అయిపోతాయి. మూడో వరుస Cతో మొదలవుతుంది, రెండోది F. కాబట్టి కోడ్ `7M62G548+RCF`. ముక్క సైజు సుమారు 2.8 మీటర్లు, 3.4 మీటర్లు. గుమ్మం చూపించడానికి చాలు. అయితే జీపీఎస్ ఐదు మీటర్లు తప్పుతుంటే మూడు మీటర్ల ముక్కను నిలబడి తీసుకోవడంలో అర్థం లేదు. పదకొండో గుర్తును శాటిలైట్ బొమ్మ మీద వేలు పెట్టే తీసుకోవాలి. అపార్ట్‌మెంట్లలో ఇదీ చాలదు. కోడ్‌కు ఎత్తు తెలియదు, కింద ఉన్న షాపుకూ ఐదో అంతస్తుకూ ఒకే కోడ్.

తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్ కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీ కలిసి తయారు చేశాయి. ఇది భూమంతటికీ కాదు, మన దేశానికే. అక్షాంశం 2.5 నుంచి 38.5 వరకు, రేఖాంశం 63.5 నుంచి 99.5 వరకు ఒక చదరం గీసి, దాన్ని పదహారు ముక్కలు, ఒక్కో ముక్కను మళ్లీ పదహారు, ఇలా పదిసార్లు కోస్తారు. చివరి గడి నాలుగు మీటర్ల లోపే. మన మైపాడు చోటుకు డిజిపిన్ `464-55J-L7P2`. పది గుర్తులూ ఎప్పుడూ రాయాల్సిందే, ఊరి పేరుతో కుదించే పద్ధతి లేదు. కాబట్టి పైన చెప్పిన ముందుకోడ్ గొడవ కూడా దీనికి లేదు. పైగా దాని గీతలు వేరే చోట్ల పడతాయి కాబట్టి నెల్లూరు, మైపాడు రెండూ 464తోనే మొదలవుతాయి. సెంటున్నర ప్లాట్ల కాలనీలకు నా అభిప్రాయంలో ఇదే బాగా కుదురుతుంది. కానీ ఇంటికి దారి వెతుక్కునే డ్రైవర్ చేతిలో తెరిచి ఉండేది గూగుల్ మ్యాప్స్ కాబట్టి ప్లస్ కోడ్ అవసరం పోదు. రెండూ రాసిపెట్టుకోవచ్చు, కాకపోతే ఒకదాన్ని చూసి ఇంకొకటి ఊహించలేం, రెండిటి గుర్తులూ గీతలూ వేరు. డిజిపిన్ పోస్టల్ అడ్రస్‌కు బదులు కాదు, తోడు మాత్రమే అని తపాలా శాఖే చెప్పింది. ప్లస్ కోడ్ సంగతీ అంతే. పేరు, ఊరు, పిన్ కోడ్ కూడా రాయాల్సిందే.

మూడు మాటలతో చోటు చెప్పే వాట్3వర్డ్స్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతి కూడా ఉంది, 2013 నుంచి. మూడు మీటర్ల గడులు, గుర్తుపెట్టుకోవడం సులువు. కానీ ఏ గడికి ఏ మాటలో తేల్చే పద్ధతి ఆ కంపెనీ సొత్తు, పక్కపక్క గడుల మాటలకు పొంతన ఉండదు. చెరువు గట్టు మీద చేత్తో లెక్క కట్టి విప్పుకోగల ప్లస్ కోడ్‌కే నా ఓటు.

ఇన్ని చెప్పాక కూడా ఒక పని ఏ కోడూ చేయదు. అది చోటు చెబుతుంది, దారి చెప్పదు. తీరం పొడవునా బకింగ్‌హామ్ కాలువ ఉంది. దానికి తోడు డ్రైన్లూ పంట కాలువలూ ఉన్నాయి. మీ చెరువు కాలువకు తూర్పు గట్టున ఉండి, మ్యాప్‌లో గీసిన దగ్గరి రోడ్డు పడమర గట్టున ఉంటే, మ్యాప్ బండిని పడమర గట్టు మీద, సరిగ్గా మీకు ఎదురుగా తెచ్చి ఆపేస్తుంది. మధ్యలో నీళ్లుంటాయి. అప్పుడు వెనక్కి పోయి వంతెన వెతుక్కోవాలి, రాత్రిపూట లోడు బండితో గట్టు మీద వెనక్కి తిప్పడం ఎంత టెన్షనో తోలేవాళ్లకు తెలుసు. ఇలాంటి చోట రెండు కోడ్‌లు పంపడం మంచిది. ముందు ఎక్కడి నుంచి లోపలికి తిరగాలో ఆ వంతెన కోడ్, తర్వాత చెరువు గేటు కోడ్. రెండూ ఒకే మెసేజ్‌లో, వేరు వేరు లైన్లలో, పూర్తి పది గుర్తులతో పంపి, "ముందు మొదటి దానికి రా అన్నా" అని కింద రాస్తే, డ్రైవర్ మళ్లీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు.